ఆగస్టు 29 అసెంబ్లీ క్విజ్‌కి 12 ప్రశ్నలు: ఏ హౌస్ పిల్లలూ ‘మాకు అన్యాయం’ అనకుండా ఎలా?

చంద్రగిరి సోషల్ టీచర్

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర జడ్పీ హైస్కూలు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం రెండూ ఒకే రోజు వస్తాయి కదా. గిడుగు రామమూర్తి గారి మీద ప్రసంగాలు, పద్యాలు పోగా ధ్యాన్‌చంద్ గారి వాటాకి పావుగంట మిగిలింది. అందులో స్పోర్ట్స్ క్విజ్ పెట్టమని హెడ్‌మాస్టర్ గారు నాకు అప్పజెప్పారు. నాలుగు హౌస్‌లు, ఒక్కో హౌస్ నుంచి ముగ్గురు, 6 నుంచి 10వ తరగతి దాకా కలిపి. మిగతా బడంతా గ్రౌండ్‌లో నిలబడి వింటుంది.

పోయినసారి వేరే మాస్టారు పెట్టినప్పుడు ఒక జవాబు మీద రెండు హౌస్‌లు గొడవపడ్డాయి. వారం రోజులు స్టాఫ్ రూమ్‌లో కూడా అదే మాట. అందుకే ముందుగా ఇక్కడ అడుగుతున్నా. నేను రాసుకున్న వాటిలో కొన్ని:

మన జాతీయ క్రీడ ఏది?
ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారతీయుడు ఎవరు?
కబడ్డీ జట్టులో ఎంతమంది ఉంటారు?
ఖోఖో జట్టులో ఎంతమంది ఉంటారు?
భారత్ క్రికెట్ ప్రపంచ కప్ ఎన్నిసార్లు గెలిచింది?
గుకేశ్ ఏ ఆట ఆడతాడు?
ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఏ క్రీడలో గెలిచింది?

వీటిలో ఏవి తేలిక, ఏవి కష్టం అనుకోవాలి? గొడవ వచ్చేవి ఏవైనా ఉన్నాయా?

గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

మేడమ్, ఇందులో గొడవేముంది? హాకీ, కేడీ జాదవ్, 7, 9, చెస్, వెయిట్ లిఫ్టింగ్. ప్రపంచ కప్ ఒక్కటే లెక్క చూసుకోవాలి. అన్నీ బిట్ బ్యాంకులో ఉండేవే. మీ దగ్గర స్పోర్ట్స్ కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ ఉంటే ఇక్కడ పెట్టండి, మాలాంటి వాళ్లకి పనికొస్తుంది.

రిటైర్డ్ పీడీ, చిత్తూరు

తమ్ముడూ, బిట్ బ్యాంకులో జవాబు ఒక్కటే అచ్చు వేస్తారు, అందుకే గొడవ కనపడదు. మైకులో అడిగితే అప్పుడు కనపడుతుంది. మేడమ్ రాసిన ఏడింటిలో ఐదింటికి ఇంకో జవాబు కూడా చెప్పవచ్చు. ఒక్కొక్కటీ చూద్దాం.

జాతీయ క్రీడ. హాకీ అని చాలా పుస్తకాల్లో ఉంది, మనమూ అలాగే చదువుకున్నాం. కానీ ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడా శాఖే 2012లో సమాచార హక్కు దరఖాస్తుకి జవాబిచ్చింది. ఇప్పుడు హాకీ అన్న పిల్లకి మార్కు ఇస్తే తప్పు విషయం నేర్పినట్టు. ఇవ్వకపోతే పుస్తకం నమ్మిన పిల్లని శిక్షించినట్టు. రెండూ వద్దు, ప్రశ్న తీసేయండి.

తొలి వ్యక్తిగత పతకం. అసలు తగాదా ఇక్కడే. 1952 హెల్సింకీలో ఖాషాబా దాదాసాహెబ్ జాదవ్ కుస్తీలో కాంస్యం గెలిచారు. ఎక్కువమంది ఆయన పేరే చెప్తారు. కానీ 1900 పారిస్ ఒలింపిక్స్‌లో నార్మన్ ప్రిచర్డ్ అనే ఆయన 200 మీటర్ల పరుగులో ఒకటి, 200 మీటర్ల హర్డిల్స్‌లో ఒకటి, రెండు రజతాలు గెలిచాడు. కలకత్తాలో పుట్టిన ఇంగ్లిష్ వాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ రెండింటినీ భారత్ ఖాతాలోనే వేసింది. ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం వాళ్ల చరిత్ర పట్టికలో మాత్రం అతన్ని బ్రిటన్ తరఫున చూపించారు. ఇద్దరూ పెద్ద సంస్థలే. ఇక మీ బడిలో అంపైర్ ఎవరు?

అందుకే ప్రశ్నలో నాలుగు మాటలు చేర్చండి: ‘స్వాతంత్ర్యం వచ్చాక ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారతీయుడు ఎవరు?’ అప్పుడు జాదవ్ ఒక్కరే.

కబడ్డీ. కోర్టులో ఏడుగురు. జట్టులో రిజర్వులతో కలిపి పన్నెండు మంది. మీరు ‘జట్టులో’ అన్నారు కాబట్టి పన్నెండు అన్న పిల్లాడిది తప్పని ఎలా అంటారు? ‘ఆట మొదలయ్యేటప్పుడు ఒక్కో జట్టు నుంచి కోర్టులో ఎంతమంది ఉంటారు?’ అని అడగండి. ‘మొదలయ్యేటప్పుడు’ ఎందుకంటే మధ్యలో అవుటైనవాళ్లు బయట కూర్చుంటారు కదా, ఎవరో ఒకరు దాన్నీ పట్టుకుంటారు.

ఖోఖోకి కూడా అదే తంతు. మనం బడిలో ఆడించే ఆటలో తొమ్మిది మంది. టీవీలో వచ్చిన అల్టిమేట్ ఖోఖో లీగ్‌లో ఏడుగురే ఆడతారు. టీవీ చూసిన పిల్లాడు ఏడు అంటాడు. ‘స్కూల్ ఆటల్లో’ అని చేర్చండి, లేదంటే కబడ్డీ ఒక్కటే ఉంచుకోండి. రెండూ అంకెల ప్రశ్నలే కదా.

ప్రపంచ కప్. పురుషులవా, మహిళలవా, 50 ఓవర్లవా, 20 ఓవర్లవా? ‘ఎన్నిసార్లు’ అన్న ప్రశ్న వద్దే వద్దు, ఏడాది తిరిగేసరికి మారిపోతుంది. జరిగిపోయిన ఒక ఫైనల్ పట్టుకోండి. ‘1983లో లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్లో భారత్ ఏ జట్టును ఓడించింది?’ వెస్టిండీస్. అది ఎప్పటికీ మారదు.

పుంగనూరు పీఈటీ

పీడీ సార్ చెప్పింది కరెక్ట్. నేను ఒక్కటి కలుపుతా. ఇది తేలిక, ఇది కష్టం అని స్టాఫ్ రూమ్‌లో కూర్చుని మనం వేసే అంచనా సగం తప్పే. మనకి తెలిసింది పిలకాయలకి తెలీదు, వాళ్లకి తెలిసింది మనకి తెలీదు. గుకేశ్ ప్రశ్న మీకు మధ్యస్థంగా కనపడుతుంది. మా ఎనిమిదో క్లాసు పిలకాయల్ని అడిగితే నిద్దట్లో కూడా చెస్ అంటారు.

మేడమ్, మీ ప్రశ్నలు నాకు పంపండి. మీ బడిలో ఎవరికిచ్చినా లీకు అవుతుంది, అన్నదమ్ములు ఏదో ఒక హౌస్‌లో ఉంటారు. నేను మా దగ్గర ఒక ఇరవై మందికి పేపర్ మీద పెట్టిస్తా. ఆప్షన్లు లేకుండా, జవాబు రాయడమే. మొత్తం అరగంట పని.

పద్మావతీపురం అమ్మ

నాదొక మాట. మా పాప చదివేది ప్రైవేట్ స్కూల్. అక్కడ స్పోర్ట్స్ క్విజ్ అంటే క్రికెట్ క్విజ్. ఎవరు ఎన్ని సిక్సర్లు కొట్టారు, ఐపీఎల్‌లో ఎవరిని ఎంతకి కొన్నారు. మా పాప బ్యాడ్మింటన్ ఆడుతుంది, సింధు గురించి ఏది అడిగినా చెప్తుంది. కానీ ప్రతి జట్టులో మాట్లాడేది క్రికెట్ చూసే మగపిల్లలే. ప్రశ్న కష్టమా తేలికా అనేకంటే, ఎవరికి తేలిక అని కూడా చూడండి మేడమ్.

అన్నట్టు తిరుపతిలో పదేళ్ల పిల్లలకి మంచి బ్యాడ్మింటన్ కోచింగ్ ఎక్కడో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

క్విజ్ పిచ్చోడు, బైరాగిపట్టెడ

నేను ఇంజినీరింగ్, కాలేజీ క్విజ్‌లలో ఆడతా. మీరందరూ ప్రశ్నల్ని మరీ పలచన చేస్తున్నారనిపిస్తోంది. కష్టం ప్రశ్న కష్టంగానే ఉండాలి. ‘సిడ్నీలో మల్లీశ్వరి మొత్తం ఎన్ని కిలోలు ఎత్తింది?’ 240. ‘టోక్యోలో నీరజ్ ఎంత దూరం విసిరాడు?’ 87.58 మీటర్లు. ఇలాంటివి రెండు పడితే అసలు క్విజర్ ఎవరో తేలిపోతుంది.

ఇంకో సలహా. ఆప్షన్లు ఇవ్వండి. 6వ తరగతి వాళ్లు కూడా నోరు తెరుస్తారు. అసెంబ్లీ చప్పగా ఉండదు.

రిటైర్డ్ పీడీ, చిత్తూరు

బాబూ, 240 అని తెలియడం ఒక రకం, ఆలోచించి రాబట్టడం ఇంకో రకం. 240 తెలియని పిల్ల ఎంతసేపు నిలబడ్డా రాదు. ఆ పదిహేను సెకన్లూ గ్రౌండ్ అంతా మౌనం. అదే మల్లీశ్వరి మీద ఇంకోలా అడగొచ్చు.

బాగా తేలిక కావాలంటే: ‘2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచిన శ్రీకాకుళం జిల్లా క్రీడాకారిణి ఎవరు?’ మధ్యస్థంగా కావాలంటే మేడమ్ రాసినట్టే, తొలి మహిళ ఏ క్రీడలో గెలిచింది అని. కష్టం కావాలంటే: ‘2000 సిడ్నీ ఒలింపిక్స్ మొత్తంలో భారత్‌కి వచ్చింది ఒకే ఒక్క పతకం. గెలిచింది ఎవరు?’ విషయం ఒక్కటే. ఆనవాళ్లు తీసేసేకొద్దీ కష్టం పెరిగింది. ఆఖరుదానికి కూడా పిల్లలు గుసగుసలాడుకుంటారు. సింధు కాదు, అప్పటికి చిన్నపిల్ల, సైనా కాదు, మరి ఎవరు అని వెతుక్కుంటూ వస్తారు.

హాకీలో కూడా ఇలాంటిదొకటి దొరుకుతుంది. ‘టోక్యోలో మన పురుషుల హాకీ జట్టు కాంస్యం గెలిచింది. దానికి ముందు హాకీలో మనకు ఆఖరిసారి ఒలింపిక్ పతకం వచ్చింది ఏ నగరంలో?’ మాస్కో, 1980, స్వర్ణం. ఏడాది అడక్కుండా నగరం అడిగితే, ఏడాది తెలిసిన పిల్లకీ నగరం తెలిసిన పిల్లకీ ఇద్దరికీ ఒక దారి ఉంటుంది.

ఇక ఆప్షన్ల సంగతి. నాలుగు ఆప్షన్లిస్తే ఏమీ తెలియని పిల్లాడికి కూడా నాలుగోవంతు అవకాశం ఉంటుంది. పుంగనూరు మాస్టారు ఇరవై మందికి ఆప్షన్లతో ఇచ్చారనుకో, ఎనిమిది మంది సరిగ్గా పెట్టారు. నిజంగా తెలిసినవాళ్లు నలుగురే అయ్యుంటారు. మిగతా పదహారు మందిలో నాలుగోవంతు, అంటే ఇంకో నలుగురు, గుడ్డిగా పెట్టి తగిలించుకున్నవాళ్లు. చూడ్డానికి మధ్యస్థంగా కనపడే ప్రశ్న నిజానికి కష్టమైనది. ట్రయల్‌కి ఆప్షన్లు లేకుండా పెట్టడమే మంచిది.

అసెంబ్లీలో ఇవ్వాలా వద్దా అనేది మేడమ్ ఇష్టం. ఇస్తే నాలుగు హౌస్‌లకీ ఆ రౌండంతా ఇవ్వాలి. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే అదే గొడవ.

చంద్రగిరి సోషల్ టీచర్

పీడీ సార్, పీఈటీ సార్, ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రశ్నలు మార్చి పదహారు రాసి పుంగనూరు సార్‌కి పంపాను. కబడ్డీది మాత్రం కావాలనే పాత మాటల్లో, ‘జట్టులో’ అని ఉంచాను, ఏమవుతుందో చూద్దామని. పదిహేను నిమిషాల్లో ఎన్ని అడగ్గలమో కూడా చూశాను. ప్రశ్న రెండుసార్లు చదివి, పదిహేను సెకన్లు ఆగి, జవాబు విని, రాకపోతే పాస్ ఇచ్చి, చప్పట్లు కలిపితే దగ్గరదగ్గర నిమిషం పడుతోంది. అందుకే పన్నెండే. మూడు రౌండ్లు, ప్రతి రౌండ్‌లో హౌస్‌కి ఒకటి.

అమ్మగారూ, మీరన్నది నిజమే. క్రికెట్ పన్నెండులో రెండుకి తగ్గించాను.

పుంగనూరు పీఈటీ

పెట్టించా. ఎనిమిది, తొమ్మిది క్లాసుల వాళ్లు, ఇరవై మంది. అన్నీ చెప్పను, ఆలోచించాల్సినవే చెప్తా.

గుకేశ్ ఏ ఆట: 18 మంది కరెక్ట్. చెప్పా కదా!
తొలి మహిళ ఏ క్రీడ: 10 మంది.
పురుషుల హర్డిల్స్ 110 మీటర్లు, మరి మహిళలది ఎంత: 9 మంది రాశారు, 100 అని.
వ్యక్తిగత స్వర్ణం గెలిచిన తొలి భారతీయుడు ఎవరు: 6 మంది బింద్రా అన్నారు. 11 మంది నీరజ్ చోప్రా అన్నారు!
కబడ్డీ జట్టులో ఎంతమంది: 9 మంది ఏడు అన్నారు, 8 మంది పన్నెండు అన్నారు. పన్నెండు రాసినోళ్లలో నలుగురు మా స్కూల్ టీమ్ పిలకాయలే. ఆట బాగా తెలిసినోళ్లకే మార్కు పోయింది.
స్వాతంత్ర్యం వచ్చాక తొలి వ్యక్తిగత పతకం: ఇద్దరే. కొంతమంది మిల్ఖా సింగ్ అన్నారు.

మేడమ్, గుకేశ్, మల్లీశ్వరి, హర్డిల్స్, బింద్రా నాలుగూ మీ రెండో రౌండ్‌లో ఉన్నాయి. గుకేశ్ ప్రశ్న ఏ హౌస్‌కి పడితే ఆ హౌస్‌కి పది మార్కులు ఊరికే వస్తాయి. బింద్రా పడినోళ్ల నోట్లో మట్టే.

క్విజ్ పిచ్చోడు, బైరాగిపట్టెడ

ఇది భలే ఉంది. రూల్ ఒకటి దొరికింది. ఎక్కువమంది ఒకే తప్పు జవాబు మీద పడితే ఆ ప్రశ్నలోనే లోపం ఉన్నట్టు. కబడ్డీ, బింద్రా రెండూ తీసేయండి.

రిటైర్డ్ పీడీ, చిత్తూరు

కబడ్డీ విషయంలో నువ్వన్నది నిజం. బింద్రా విషయంలో కాదు. తప్పు జవాబులు ఒకచోట పోగయ్యాయంటే అక్కడ ఆగి చూడమని అర్థం, అంతే. చూశాక ఒక్క ప్రశ్న వేసుకో: ఆ తప్పు జవాబు చెప్పిన పిల్లాడు లేచి వాదిస్తే నా దగ్గర సమాధానం ఉందా?

పన్నెండు అన్నవాడు ‘రిజర్వులతో కలిపి చెప్పాను సార్’ అంటే నా నోరు పడిపోతుంది. అది ప్రశ్న తప్పు. నీరజ్ అన్నవాడు వాదించలేడు. అభినవ్ బింద్రా 2008 బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గెలిచాడు, నీరజ్ 2021లో. పదమూడేళ్ల తేడా. నీరజ్ అథ్లెటిక్స్‌లో తొలి స్వర్ణం, ఆ మాట వినీ వినీ పిల్లల తలలో ‘తొలి స్వర్ణం’ అని మిగిలిపోయింది. అది అపోహ. అపోహ ఉన్న ప్రశ్న క్విజ్‌కి బంగారం, జవాబు చెప్పగానే గ్రౌండ్ అంతా ‘ఆ!’ అంటుంది. దాన్ని ఉంచాలి, కానీ మూడో రౌండ్‌కి పంపాలి.

మేడమ్, రౌండ్లు ఇలా సర్దండి. పుంగనూరు మాస్టారి అంకెల వరుసలో ప్రశ్నలు పెట్టుకుని, పైనుంచి నాలుగేసి తెంపండి. ఒక రౌండ్‌లోని నాలుగింటిలో ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ మధ్య మూడు నాలుగు మందికి మించి తేడా లేకుండా చూడండి. గుకేశ్ 18, మొదటి రౌండ్‌కి వెళ్తాడు. బింద్రా 6, మూడోదానికి. మల్లీశ్వరి 10, హర్డిల్స్ 9, రెండోదాంట్లో పక్కపక్కనే కూర్చుంటాయి. వాటికి ఇంకో రెండు జత కలపండి. ఏ హౌస్‌కి ఏ ప్రశ్న అనేది చీటీ తీయించండి, మీరు చదివే వరుసలో ఇవ్వకండి.

జాదవ్ ప్రశ్నకి ఇద్దరే చెప్పారు కాబట్టి హౌస్‌కి పెట్టడం దండగ. ఆడియన్స్‌కి వదిలేయండి.

పద్మావతీపురం అమ్మ

ఇరవై మంది సరిపోతారా సార్? వాళ్లు పుంగనూరు పిల్లలు, వీళ్లు చంద్రగిరి పిల్లలు.

పుంగనూరు పీఈటీ

మంచి ప్రశ్న అక్కా. 10కీ 9కీ తేడా చూసి ఇదెక్కువ అదెక్కువ అంటే నవ్వుతారు, ఇంకో ఇరవై మందికిస్తే తారుమారు అవుతాయి. 18కీ 6కీ తేడా మాత్రం ఎక్కడ పెట్టినా కనపడుతుంది. మనకి కావాల్సింది అంతే. ఇంకోటి, మా దగ్గర కబడ్డీ టీమ్ ఉంది కాబట్టి కబడ్డీ అంకెలు మావాళ్లకి కొంచెం ఎక్కువే వస్తాయి. మేడమ్ వాళ్ల బడిలో ఏం ఆడతారో చూసుకోవాలి.

కానీ నాకు అసలు ఈ డైరెక్ట్, పాస్ పద్ధతే నచ్చదు. ప్రశ్న పాస్ అయితే పక్క హౌస్‌కి పోతుంది. వీక్ జట్టు పక్కన కూర్చున్నోళ్లకి ఊరికే ఐదు మార్కులు వస్తా ఉంటాయి. నేను మా బడిలో నాలుగు పలకలు ఇస్తా. ప్రతి ప్రశ్నా నాలుగు హౌస్‌లకీ. పదిహేను సెకన్లలో రాసి విజిల్ ఊదగానే ఎత్తాలి. ఎవరికి ఏ ప్రశ్న పడింది అన్న పేచీయే లేదు, నాలుగేసి జత చేసే బాధ కూడా లేదు. తేలిక నుంచి కష్టానికి పోతే చాలు.

రిటైర్డ్ పీడీ, చిత్తూరు

న్యాయం చూస్తే మీ పలకల పద్ధతే మేలు, ఒప్పుకుంటా. కానీ అసెంబ్లీలో వెనక వరసలో నిలబడ్డ పిల్లాడికి పలక కనపడదు. నాలుగు జవాబులూ మైకులో చదివి ఏది కరెక్టో చెప్పేసరికి నిమిషం కాస్తా నిమిషంన్నర అవుతుంది. పన్నెండు ప్రశ్నలు ఎనిమిదికి వస్తాయి. పైగా పిల్లలు ఎండలో ఉంటారు.

డైరెక్టే పెట్టుకుంటే పాస్ దిక్కు మార్చండి. మొదటి రౌండ్‌లో ఎడమ నుంచి కుడికి, రెండోదాంట్లో కుడి నుంచి ఎడమకి. ఒక జట్టే లాభపడకుండా కొంత ఆపుతుంది. పూర్తిగా కాదు.

పుంగనూరు పీఈటీ

ఎనిమిదైతే ఏమైంది సార్? ఎనిమిది న్యాయమైనవి పన్నెండు పేచీలకంటే మేలు కదా.

గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

గుకేశ్ తెలుగు కుర్రాడు కదా, ‘గుకేశ్ ఏ రాష్ట్రం వాడు’ అని అడగండి మేడమ్. చెస్ అని అందరికీ తెలుసు, ఇది కొంచెం కష్టమవుతుంది. మన పిల్లలకి గర్వంగా కూడా ఉంటుంది.

జాతీయ క్రీడ సంగతి చూశాను. పీడీ గారు చెప్పింది కరెక్టే. అయినా ఆ ప్రశ్న తీసేయడం నాకు నచ్చలేదు. ‘అధికారికంగా ప్రకటించిన జాతీయ క్రీడ ఏది’ అని అడిగి, ‘ఏదీ లేదు’ అన్నవాళ్లకి మార్కులివ్వొచ్చు. నేర్చుకుంటారు కదా?

రిటైర్డ్ పీడీ, చిత్తూరు

గుకేశ్ 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ రోజు ఇటు మన ముఖ్యమంత్రి తెలుగు బిడ్డ అన్నారు, అటు తమిళనాడు ముఖ్యమంత్రి తమ రాష్ట్రానికి గర్వకారణం అన్నారు. ముఖ్యమంత్రులకే తేలనిది ఏడో తరగతి పిల్లాడి మీద వేస్తే ఎలా? తెలుగు కుటుంబం, పుట్టింది చెన్నైలో. ‘ఏ నగరంలో పుట్టాడు’ అంటే ఒకటే జవాబు. సత్యవేడు, నగరి వైపు బడులైతే ‘ఏ రాష్ట్రం’ అన్న ప్రశ్నకి సగం మంది ఒకటి, సగం మంది ఒకటి అంటారు. రెండూ న్యాయమే.

జాతీయ క్రీడ మీద నీ ఆలోచన బాగుంది, కానీ ‘ఏది’ అని అడిగితే ఏదో ఒకటి ఉందని ప్రశ్నే చెప్తోంది. అలా అడిగి ‘ఏదీ లేదు’ అనడం పొడుపు కథ. క్విజ్ అయిపోయాక విషయంగా చెప్పమను, అప్పుడు సరే.

గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

పొడుపు కథైతే తప్పేంటి సార్, పరీక్షల్లో మాకు ‘పైవేవీ కావు’ అని రోజూ ఇస్తూనే ఉన్నారు.

చంద్రగిరి సోషల్ టీచర్

ఆ ఒక్కటీ నేను ఆడియన్స్ కోసం దాచుకున్నాను, పెట్టాలో వద్దో ఆ రోజు టైమ్ చూసి తేల్చుకుంటా.

పలకల గురించి చాలాసేపు ఆలోచించాను. మొదటి రెండు రౌండ్లు డైరెక్ట్, పాస్ దిక్కు మారుస్తూ. మూడోది, కష్టం రౌండ్, పలకల మీద. అక్కడే ఎవరికి ఏ ప్రశ్న పడింది అన్న పేచీ ఎక్కువ కాబట్టి. మూడో రౌండ్ నాలుగు ప్రశ్నలు: బింద్రా, మాస్కో, సిడ్నీ ఒక్క పతకం, ఇంకోటి వెతకాలి. అరే, సిడ్నీ పెడితే రెండో రౌండ్‌లో మల్లీశ్వరి ఉండకూడదు కదా! తొలి మహిళ జవాబు చెప్పాక దీనికి దారి చూపించినట్టే. రెండోదాంట్లోంచి ఆమెను తీసేస్తున్నా.

ఇంకో సందేహం. జవాబు సగం పేరే చెప్తే? ‘సింధు’ అంటే చాలా, ‘పి.వి. సింధు’ అనాలా?

క్విజ్ పిచ్చోడు, బైరాగిపట్టెడ

కాలేజీ క్విజ్‌లలో ఇంటిపేరు చెప్తే చాలంటాం. కానీ తెలుగువాళ్లని ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు, అదీ నిజమే. ‘పూసర్ల’ అంటే సగం మందికి ఎవరో తెలియదు. అందరూ పిలిచే పేరు చాలు అని పెట్టండి. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ‘జ్యోతి’ అంటే ఎవరు? హర్డిల్స్ జ్యోతి యర్రాజీ విశాఖపట్నం, విలువిద్య జ్యోతి సురేఖ విజయవాడ. అలాంటప్పుడు ‘పూర్తి పేరు చెప్పండి’ అని మైకులో ఒక్కసారి అడగాలి.

రిటైర్డ్ పీడీ, చిత్తూరు

శభాష్. అది ముందే జవాబుల కాగితంలో రాసుకోవాలి, అక్కడ అప్పటికప్పుడు ఆలోచిస్తే ఒక హౌస్‌ని అడుగుతారు, ఇంకో హౌస్‌ని మరిచిపోతారు. ప్రతి ప్రశ్న పక్కన మూడు గళ్లు గీయండి: జవాబు, దానితో పాటు ఒప్పుకునేది, ఇలా అంటే మళ్లీ అడగాల్సింది. ఉదాహరణకి నీరజ్ స్వర్ణం ఏ ఒలింపిక్స్ అంటే జవాబు టోక్యో. ‘టోక్యో 2020’, ‘టోక్యో 2021’ రెండూ ఒప్పుకోవాలి. పేరులో 2020 ఉంది, జరిగింది 2021లో. ఒట్టి ‘జపాన్’ అంటే నగరం పేరు మళ్లీ అడగాలి. ఆ కాగితం మీ దగ్గరొకటి, స్కోరు రాసేవారి దగ్గరొకటి. స్కోరు రాసే టీచర్ ఏ హౌస్‌కీ ఇన్‌చార్జి కాకుండా ఉంటే ఇంకా మంచిది.

చంద్రగిరి సోషల్ టీచర్

మా బడిలో హౌస్ ఇన్‌చార్జి కాని టీచర్ అంటే నేనూ, హెడ్‌మాస్టర్ గారూ. ఆయన్నే కూర్చోబెడతా.

హెడ్‌మాస్టర్ గారిదే ఇంకో కోరిక ఉంది, మన ప్రాంతం ప్రశ్న ఒక్కటైనా ఉండాలట. తిరుపతి, చిత్తూరు నుంచి ఒలింపిక్ పతకం గెలిచినవాళ్లు నాకు తట్టలేదు. మన పక్క జిల్లా కడప శ్రీచరణి 2025లో మహిళల ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది కదా, ‘ఆ జట్టులో కడప జిల్లా నుంచి ఆడిన స్పిన్ బౌలర్ ఎవరు’ అని మొదటి రౌండ్‌కి రాశాను. అమ్మగారూ, క్రికెట్టే కానీ మీ మాట కూడా నిలబెట్టినట్టు ఉంటుంది.

పద్మావతీపురం అమ్మ

క్రికెట్ అయినా ఇది ఓకే మేడమ్.

పుంగనూరు పీఈటీ

మొదటి రౌండ్ అని ఎట్ల తెలుసు మేడమ్? అది ట్రయల్‌లో లేదు. రేపు ప్రేయర్ అయినాక అదే ఇరవై మందిని అడిగి అంకె చెప్తా. టై అయితే ఏం చేస్తారో కూడా చెప్పండి. నాకైతే దగ్గరి అంకె ప్రశ్న ఇష్టం. 1983 ఫైనల్లో మనం ఎన్ని పరుగుల తేడాతో గెలిచాం అని పలకల మీద రాయించాలి, 43కి దగ్గరున్నోళ్లు గెలిచినట్టు. తెలీకపోయినా అందరూ రాస్తారు.

క్విజ్ పిచ్చోడు, బైరాగిపట్టెడ

ఒకరు 40, ఒకరు 46 రాస్తే?

పుంగనూరు పీఈటీ

దేవుడా. ఇంకో అంకె ప్రశ్న జేబులో పెట్టుకో మేడమ్.